115 శాతం వెనక ఏముంది? సేల్స్ ఉద్యోగి రెజ్యూమేలో తొలి వాక్యాలు

మందుల కంపెనీల్లో ఏరియా మేనేజరు పోస్టుకు వచ్చిన రెజ్యూమేలు ఓ పది తీసి, పేర్లు మూసేసి పైన ఉన్న సారాంశం మాత్రం చదివితే ఏది ఎవరిదో చెప్పడం కష్టం. టార్గెట్లు నిలకడగా దాటానని అందరూ రాస్తారు. డాక్టర్లతో, స్టాకిస్టులతో బలమైన దీర్ఘకాల సంబంధాలు ఉన్నాయనీ అందరూ రాస్తారు. ఒకప్పుడు ఈ చోటులో ‘కెరీర్ ఆబ్జెక్టివ్’ అని ఒక వాక్యం ఉండేది. సవాళ్లతో కూడిన వాతావరణంలో పనిచేసి సంస్థ ఎదుగుదలకు తోడ్పడాలన్నది దాని సారం. ఆ వాక్యం పోయి సారాంశం వచ్చినందుకు సంతోషించాలి. కాకపోతే వచ్చిన సారాంశం కూడా ఒకే అచ్చులో పోసినట్టు ఉంటోంది.

ఈ రెండు మాటల్నీ, అంటే దాటిన టార్గెట్‌నూ నిలిచిన సంబంధాన్నీ, చాలామంది రెండు వేర్వేరు గొప్పలుగా రాస్తారు. మందుల అమ్మకాల్లో అవి వేర్వేరు కావు. ఒకదాని నిజం రెండోదాంట్లో బయటపడుతుంది. టార్గెట్ ఎలా దాటారో తెలిస్తే స్టాకిస్టుతో సంబంధం ఎలా ఉందో తెలిసిపోతుంది. సంబంధం నిజమైతే అది ఏదో ఒక అంకెలో కనపడి తీరుతుంది. సారాంశం ఎలా రాయాలన్న చర్చ అంతా చివరికి ఏ అంకె రాయాలన్న దగ్గరే ఆగుతుంది. అందుకని ముందు అంకెల సంగతి చూద్దాం.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. రాజమహేంద్రవరం హెడ్‌క్వార్టర్‌గా గుండె, మధుమేహ మందుల విభాగంలో ఐదేళ్లుగా పనిచేస్తున్న రెప్ ఒకడున్నాడు. 2023–24లో అతని టార్గెట్ 90 లక్షలు. కంపెనీ డిపో నుంచి అతని స్టాకిస్టులకు బిల్లయిన సరుకు ఒక కోటీ 4 లక్షలు. అచీవ్‌మెంట్ 115 శాతం పైచిలుకు. ఇన్సెంటివ్ లెటర్ వచ్చింది, జోన్ మీటింగులో చప్పట్లూ పడ్డాయి. సారాంశంలో అతను రాసేది సహజంగా ఈ 115.

అయితే ఈ లెక్క ప్రైమరీది. కంపెనీ నుంచి స్టాకిస్టు గోడౌనుకు సరుకు చేరితే ప్రైమరీ పూర్తయినట్టే. ఆ సరుకు మెడికల్ షాపుకు వెళ్లిందా, రోగి కొన్నాడా అన్నది అందులో ఉండదు. అది తెలియాలంటే సెకండరీ కట్టాలి. ఏడాది మొదట్లో స్టాకిస్టుల దగ్గరున్న సరుకుకు ఏడాదంతా వచ్చిన సరుకు కలిపి, అందులోంచి చివర్లో మిగిలిన సరుకునూ ఎక్స్‌పైరీ, బ్రేకేజీ పేరుతో వెనక్కి పోయినదాన్నీ తీసేయాలి. మన రెప్ విషయంలో ఏప్రిల్ 1న స్టాకిస్టుల దగ్గర 9 లక్షల సరుకుంది. మార్చి 31న 15 లక్షలుంది. వెనక్కి వెళ్లింది 4 లక్షలు. తొమ్మిదీ, నూట నాలుగూ కలిపి పదిహేనూ నాలుగూ తీసేస్తే 94 లక్షలు. 90 లక్షల టార్గెట్ మీద ఇది 104 శాతం. నూటపదిహేనుకూ నూట నాలుగుకూ మధ్య ఉన్న తేడా అంతా గోడౌనులో అట్టపెట్టెల్లో ఉంది, లేదా తిరుగు లారీ ఎక్కింది.

104 చిన్న అంకె కాదు. నిజంగా సరుకు అమ్మి టార్గెట్ దాటినవాళ్లు ఫీల్డులో ఎక్కువమంది ఉండరు. అయినా రెప్‌లు దాన్ని దాచి 115నే చూపిస్తారు. ఇంటర్వ్యూలో అటువైపు కూర్చునే రిజనల్ మేనేజరు ఒకప్పుడు ఇదే సంచీ మోసినవాడు. 115 కనపడగానే అతను అడిగే మొదటి ప్రశ్న, ‘క్లోజింగ్ ఎన్ని రోజుల సరుకు?’ ఈ ఉదాహరణలో ఏడాది మొదట్లో సుమారు 40 రోజుల అమ్మకానికి సరిపడా సరుకుంటే, చివరికి అది 58 రోజులకు చేరింది. రెండో ప్రశ్న, ‘నెలవారీగా చెప్పు.’ పదకొండు నెలలు ఏడు, ఎనిమిది లక్షల దగ్గర నడిచిన బిల్లింగ్ మార్చిలో ఒక్కసారిగా పదిహేను దాటితే ఇక మూడో ప్రశ్న అక్కర్లేదు. దీన్ని ఫీల్డులో డంపింగ్ అంటారు. ఇన్సెంటివ్ శ్లాబు నూరు శాతం దగ్గర మొదలవుతుంది కాబట్టి నెలాఖరుకు, ఏడాది చివరికి స్టాకిస్టును బతిమాలి సరుకు దింపడం పాత అలవాటు. అందుకే చాలా కంపెనీలు ఇన్సెంటివ్‌ను సెకండరీకి ముడిపెట్టాయి. ఇంకా కొన్ని ప్రైమరీ మీదే నడుస్తున్నాయి.

డంపింగ్ భారమంతా స్టాకిస్టు మీద పడుతుంది. అతనికి మార్జిన్ సాధారణంగా 8 నుంచి 10 శాతం. ఆ కాస్త మార్జిన్‌తో బతికేవాడు సరుకును త్వరగా తిప్పుకోవాలి. అవసరం లేని ఆరు లక్షల సరుకు అతని గోడౌనులో కూర్చుంటే ఆ డబ్బు ఇంకో కంపెనీ సరుకుకు వాడుకోలేడు. ఎక్స్‌పైరీ దగ్గరపడితే క్రెడిట్ నోటు కోసం నెలల తరబడి తిరగాలి. కాబట్టి టార్గెట్‌ను ఇలా దాటిన రెప్ అదే సారాంశంలో ‘స్టాకిస్టులతో దీర్ఘకాల సంబంధాలు’ అని రాస్తే, మొదటి వాక్యమే రెండోదాన్ని కొట్టేస్తుంది. పైగా ఒక ఊళ్లో పెద్ద స్టాకిస్టు ఒక్కడే పదుల కంపెనీలకు సరుకు తిప్పుతాడు. కొత్త కంపెనీ వాళ్లు ఇంటర్వ్యూకు ముందే అతనికి ఫోన్ చేస్తారు. ఈ వృత్తిలో అసలైన రెఫరెన్సు అదే. రెజ్యూమే చివర పేజీలో రాసే ఇద్దరి పేర్లను ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

అయితే సారాంశంలో ఏ అంకె రాయాలి? దీని మీద రెండు వాదాలున్నాయి. కంపెనీ లెటర్‌లో ఉన్నదే రాయాలని ఒక వర్గం. ఆధారాలు అడిగే హెచ్‌ఆర్ చేతిలో ఉండేది ఆ లెటరే, దానికి భిన్నంగా రాస్తే చిక్కులొస్తాయన్నది వాళ్ల మాట. సెకండరీనే రాయాలని ఇంకో వర్గం, ఎందుకంటే నిర్ణయించేది హెచ్‌ఆర్ కాదు, రిజనల్ మేనేజరు. నా మటుకు రెండూ రాయమంటాను. ‘ప్రైమరీ 115, సెకండరీ 104’ అని ఒకే వరుసలో రాసిన రెజ్యూమే నేను అరుదుగా చూశాను. చూసినప్పుడల్లా ఆ మనిషిని పిలిపించుకోవాలనిపించింది. తన లెక్క తనే కట్టుకోగలిగినవాడు రేపు నలుగురు రెప్‌ల లెక్క చూడగలడు. ఏరియా మేనేజరు పని ముప్పావు వంతు అదే.

శాతం ఎప్పుడూ టార్గెట్ మీదే ఆధారపడుతుంది. ఆ టార్గెట్ ఎలా పెట్టారన్నది సారాంశంలో ఎవరూ రాయరు. హెడ్‌క్వార్టర్‌ను రెండుగా చీల్చి, పాత డాక్టర్ల లిస్టులో మంచి సగం ఒకరికి వస్తే 130 శాతం సులువు. ఫిబ్రవరిలో ఒక కార్పొరేట్ ఆసుపత్రి ప్రత్యేక రేటుకు పెద్ద ఆర్డరు ఇస్తే అదీ అచీవ్‌మెంట్‌లో కలుస్తుంది. వచ్చే ఏడాది ఆ ఆర్డరు రాకపోతే అదే హెడ్‌క్వార్టర్ 80 శాతానికి పడిపోతుంది. అందువల్ల శాతం పక్కన ముందటేడాదితో పోల్చిన పెరుగుదల ఉంటే మంచిది. మన రెప్ సెకండరీ ముందటేడాది 82 లక్షలు. కాబట్టి పెరుగుదల 14 శాతం దాటింది.

ఈ పెరుగుదలలోనూ ధర దాక్కుని ఉంటుంది. అత్యవసర మందుల జాబితాలోని మందులకు టోకు ధరల సూచీని బట్టి గరిష్ఠ ధర మారుతుంది. 2022 ఏప్రిల్‌లో ఆ పెంపు 10.77 శాతం, 2023 ఏప్రిల్‌లో 12.12 శాతం వరకు వచ్చింది. జాబితాలో లేని మందులకు కంపెనీలు ఏడాదికి 10 శాతం దాకా పెంచుకోవచ్చు. ఒక్క స్ట్రిప్పు కూడా అదనంగా అమ్మకుండా ఆ రెండేళ్లలో పది శాతం ఎదిగిన హెడ్‌క్వార్టర్లు ఉండి ఉంటాయి. మన రెప్ మందులన్నిటికీ కలిపి సగటున 5 శాతం ధర పెరిగిందనుకుంటే, 14లో అతని చెమట 9. ఈ లెక్క సారాంశంలో ఇరికించనక్కర్లేదు. అడిగితే చెప్పగలిగితే చాలు. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌తో పోల్చి 2021 ఏప్రిల్ రెండో వేవ్ నెలను చూపించి ‘రెట్టింపు’ అని రాసుకునేవాళ్ల సంగతీ ఇలాంటిదే. అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ అమ్మిన విభాగాల్లో ఆ నెల రెప్ లేకపోయినా సరుకు పోయేది.

సంబంధాల విషయానికొస్తే, ‘డాక్టర్లతో అద్భుతమైన ర్యాపో’ అన్న మాటకు ఈ రంగంలో విలువ లేదు. నిజమా అబద్ధమా తేల్చే దారి ఆ మాటలోనే ఉండదు. కొలవగలిగిన సంబంధం ఎలా ఉంటుందో మందుల రంగం నుంచే చూడొచ్చు. క్లినిక్ దగ్గరున్న మెడికల్ షాపులకు వెళ్లి, ఫలానా డాక్టరు చీటీల మీద ఏ కంపెనీ బ్రాండు ఎంత కదిలిందో అడిగి రాసుకునే పనిని ఆర్‌సీపీఏ అంటారు. చాలామంది దాన్ని బస్సులో కూర్చుని నింపేస్తారు. దాన్ని నిజంగా చేసిన రెప్ దగ్గర మాత్రం ఏ డాక్టరు ఎప్పుడు రాయడం మొదలుపెట్టాడు, ఎప్పుడు మానేశాడు, ఎందుకు మానేశాడు అన్న చరిత్ర ఉంటుంది. తన 40 మంది కోర్ డాక్టర్లలో మొదటి ఏడాది నుంచి ఇప్పటిదాకా రాస్తున్నవాళ్లు 31 మంది అని చెప్పగలిగితే అది సంబంధానికి ఒక అంకె.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. బీపీ, షుగరు మందులు ఏళ్ల తరబడి వాడతారు. ఒకసారి రాసిన బ్రాండును డాక్టరు కదపడు, రోగి కూడా అదే స్ట్రిప్పు చూపించి కొంటాడు. 31 మంది రాస్తున్నారంటే అది రెప్ మీది గురి కావచ్చు, లేదా అలవాటు కావచ్చు. ఆ రెండిటినీ విడదీయడానికి ఈ విభాగంలో ఒక మంచి పరీక్ష దొరికింది. అది పేటెంటు ముగియడం. 2019 డిసెంబరులో విల్డాగ్లిప్టిన్, 2020 అక్టోబరులో డాపాగ్లిఫ్లోజిన్, 2022 జులైలో సిటాగ్లిప్టిన్, 2025 మార్చిలో ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ల నుంచి బయటపడ్డాయి. ప్రతిసారీ పదుల సంఖ్యలో బ్రాండ్లు ఒకేసారి దిగాయి, ధర పడిపోయింది. ఆ వారాల్లో మధుమేహ డాక్టరు గది బయట బెంచీ మీద రెప్‌లే ఎక్కువ. మందు ఒకటే, ధర ఇంచుమించు ఒకటే, చెప్పే మాటలూ ఒకటే. అప్పుడు డాక్టరు ఎవరి బ్రాండు ఎంచుకున్నాడన్న దాంట్లో కంపెనీ పేరుతో పాటు ఎదుటి మనిషి మీద నమ్మకమూ ఉంటుంది. షాపులో సరుకు తప్పకుండా ఉంటుందా, సైడ్ ఎఫెక్టు గురించి అడిగితే వారంలో సరైన కాగితం తెచ్చిస్తాడా అన్నవే అప్పుడు పనికొస్తాయి. కోర్ డాక్టర్లలో 22 మంది ఆరు నెలల్లో మా సిటాగ్లిప్టిన్ మొదలుపెట్టారని రాయగలిగిన రెప్ సంబంధాల గురించి ఇంక విశేషణాలు వాడనక్కర్లేదు. ధర పడిపోయిన ఆ మందుల్లో స్ట్రిప్పులు పెరిగినా రూపాయలు పెరగకపోవచ్చు. కాబట్టి ఇక్కడ విలువ కంటే రాసేవాళ్ల సంఖ్యే నిజం చెబుతుంది.

వేరే అమ్మకాల్లో ఈ పని చేసే అంకెలు సిద్ధంగా ఉన్నాయి. జీవిత బీమాలో పర్సిస్టెన్సీ అని ఉంది. అమ్మిన పాలసీల్లో 13వ నెలలో, 25వ నెలలో, చివరికి 61వ నెలలో ఎన్నింటికి ప్రీమియం కడుతున్నారన్న శాతం అది. టార్గెట్ రెట్టింపు చేసి 61వ నెల పర్సిస్టెన్సీ అడుగంటిన ఏజెంటుకు దీర్ఘకాల కస్టమర్లు ఉన్నారని ఎవరూ నమ్మరు. గుంటూరు వైపు మిరప విత్తనాలు అమ్మే కంపెనీల్లో ఖరీఫ్‌కు ముందు డీలరు దుకాణంలో దింపిన సరుకును ప్లేస్‌మెంట్ అంటారు, రైతు కొన్నదాన్ని లిక్విడేషన్ అంటారు. సీజను ముగిశాక తిరిగొచ్చిన ప్యాకెట్లు తీసేస్తే కాని ఆ ఏడాది అచీవ్‌మెంట్ తేలదు. ప్రైమరీకీ సెకండరీకీ ఉన్న తేడాయే అక్కడ ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లకు కాంట్రాక్టు రెన్యువల్ శాతం ఉంది. వాళ్ల సారాంశాల్లో అది లేకపోతే అడిగి తీరతారు.

సంబంధాల మాట రాసేటప్పుడు మందుల రెప్‌లు జాగ్రత్తపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. 2024 మార్చిలో కేంద్ర ఔషధ విభాగం తెచ్చిన యూసీపీఎంపీ నియమావళి డాక్టర్లకూ వాళ్ల కుటుంబాలకూ బహుమతులు వద్దంది. క్యాలెండరూ డైరీ లాంటి బ్రాండ్ గుర్తుల విలువ ఒక్కోటి వెయ్యి రూపాయలు దాటకూడదు. ఒక మందు శాంపిల్ ప్యాకెట్లు ఒక డాక్టరుకు ఏడాదిలో 12 మించకూడదు. ‘పెద్ద డాక్టర్లకు ప్రత్యేక కార్యక్రమాల ద్వారా బిజినెస్ సాధించాను’ లాంటి వాక్యాలు ఒకప్పుడు గర్వంగా రాసేవాళ్లు. ఇప్పుడు అదే వాక్యం చూస్తే కంప్లయన్స్ వాళ్లకు కనుబొమలు ముడిపడతాయి.

అలాగే డాక్టర్ల పేర్లు, ఒక్కో డాక్టరు ఎంత రాస్తాడన్న జాబితా రెజ్యూమేలోకి తేకూడదు. ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను కింద సాధారణంగా చెల్లదు. కాని కంపెనీ డేటా ఎత్తుకుపోవడం వేరే విషయం. ‘నా 40 మంది డాక్టర్లను తీసుకొస్తాను’ అనే అభ్యర్థిని చూసి కొందరు మేనేజర్లు మురిసిపోతారు. నా అనుమానం ఎప్పుడూ ఒకటే. రేపు ఇక్కడినుంచి వెళ్లేటప్పుడూ ఇతను ఇదే మాట ఇంకొకరికి చెబుతాడు. అంకెలు చాలు, పేర్లు అక్కర్లేదు. రూపాయల బదులు శాతాలు రాసినా లెక్క తెలిసినవాడికి సరిపోతుంది.

ఇవన్నీ కలిపితే మన రెప్ సారాంశం సుమారుగా ఇలా ఉంటుంది: ‘రాజమహేంద్రవరం హెడ్‌క్వార్టర్‌లో గుండె, మధుమేహ మందుల విభాగంలో ఐదేళ్లు. ఐదు ఆర్థిక సంవత్సరాల్లో నాలుగింట టార్గెట్ దాటాను. 2023–24లో ప్రైమరీ 115, సెకండరీ 104 శాతం, సెకండరీ పెరుగుదల 14 శాతం. 40 మంది కోర్ డాక్టర్లలో 31 మంది మొదటి ఏడాది నుంచి రాస్తున్నారు. కోర్ డాక్టర్లలో 22 మంది సిటాగ్లిప్టిన్ బ్రాండును తొలి ఆరు నెలల్లో మొదలుపెట్టారు. స్టాకిస్టులు మారలేదు, గడువు దాటిన బాకీ లేదు.’ ఇందులో ఒక్క విశేషణమూ లేదు. ‘డైనమిక్’, ‘రిజల్ట్ ఓరియెంటెడ్’ లాంటి మాటలకు చోటూ మిగల్లేదు. చివరి వాక్యం చిన్నదిగా కనిపిస్తుంది కాని, ఈ రంగంలో ఉన్నవాళ్లు ముందు చదివేది దాన్నే. సరుకు బలవంతంగా దింపితే బాకీ నిలిచిపోతుంది. బాకీ లేదన్న ఒక్క మాటతో టార్గెట్ దాటిన తీరు మీద సగం అనుమానం పోతుంది. ఆ 58 రోజుల క్లోజింగ్ గురించి మాత్రం జవాబు సిద్ధం చేసుకుని వెళ్లాలి. మార్చిలో స్కీము ప్రకటించారనో, కొత్త బ్రాండు సరుకు ముందుగా దింపారనో నిజం ఏదైతే అది చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆ సరుకు కదిలిందని చూపించగలిగితే ఇంకా నయం.

ఇందులో ‘ఐదింట నాలుగు’ అన్న మాట చాలామందికి మింగుడు పడదు. తప్పిన ఏడాదిని మింగేసి మిగతావి మాత్రం రాస్తారు. పైనున్న మేనేజరుకు ఆ ఖాళీయే ముందు కనిపిస్తుంది. తప్పింది 2020–21 అయితే వివరించనక్కర్లేదు. క్లినిక్కులు మూతపడ్డ ఏడాది ఎవరికి ఎంత వచ్చిందో అందరికీ తెలుసు. వేరే ఏడాదైతే కారణం ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. ప్రధాన బ్రాండు నాలుగు నెలలు సప్లయి లేకపోవడం, ధర నియంత్రణ కిందికి వెళ్లి విలువ పడిపోవడం, హెడ్‌క్వార్టర్ చీలిపోవడం లాంటివి ఫీల్డులో నిజంగా జరిగేవే. టార్గెట్ తప్పిన ఆ ఏడాది కూడా కోర్ డాక్టర్లు ఎంతమంది నిలిచారో చెప్పగలిగినవాడికి ఇంటర్వ్యూలో మిగతా ప్రశ్నలు తేలిగ్గా పడతాయి. సప్లయి లేని నాలుగు నెలల్లో వెళ్లిపోయిన డాక్టర్లలో ఎంతమందిని సరుకు వచ్చాక తిరిగి తెచ్చుకున్నాడన్నది ఆ బల్ల దగ్గర ఎవరైనా అడిగే తర్వాతి ప్రశ్న.